ఫ్లైఓవర్ కింద తీసిన తెల్ల బండి

కొత్తపేట మెయిన్ రోడ్డు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చే సందులో నాకొక ఫోటో స్టూడియో ఉంది. ఎంత పెద్దదంటే, కస్టమర్ పాస్‌పోర్ట్ ఫోటోకి నవ్వాలంటే నేను బయటికి వెళ్ళి నిలబడాలి. నవ్వుకు చోటు కావాలి కదా. పెళ్ళి ఆల్బమ్ తెరవాలంటే మా బామ్మర్ది కుర్చీ మడవాలి. మా బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. పెళ్ళిలో పళ్ళేలూ పట్టుచీరలూ పెట్టారు గానీ, అసలు కట్నం వాడే. ఒంగోలు నుంచి నాలుగు రోజులు ఉండి వెళ్తానని వచ్చి, నా స్టూడియో కంప్యూటర్ ముందు వేళ్ళు దిగేసుకుని పెరిగిపోయాడు. కెమెరా నాది, కంప్యూటర్ వాడిది. వెలుగు నా డిపార్ట్‌మెంటు, అబద్ధం వాడిది అని నేనంటాను. వాడు దాన్ని ఎడిటింగ్ అంటాడు.

మా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది కొత్త ఫోటో కోసం రారు. పాత ఫోన్లో మసగ్గా పడిన బొమ్మొకటి పట్టుకొస్తారు. "అన్నా, జర క్లియర్ చెయ్యి" అంటారు. క్లియర్ అనే మాట మా పేటలో ఎంత నమ్మకంగా పలుకుతారో వింటే దేవుడికే అసూయ కలుగుతుంది. లోన్ క్లియర్, రోడ్డు క్లియర్, దవాఖాన బిల్లు క్లియర్, అట్లాగే ఫోటో క్లియర్. మురికి పట్టిన అద్దం తుడిస్తే వెనకాల మొహం కనపడ్డట్టు, మసక కింద అసలు బొమ్మ భద్రంగా కూర్చునుంటుందని, మేం గుడ్డ పెట్టి తుడిస్తే చాలని వాళ్ళ లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడం మా వృత్తికి మంచిది కాదు. అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ వచ్చింది వానాకాలంలో ఒక మధ్యాహ్నం. రైతుబజారు బయట పూలమ్ముతుంది. మా ఆవిడ శుక్రవారాలు మూర మల్లెపూలు కొనేది ఆవిడ దగ్గరే. మొహం తెలుసు. వెంట ఆవిడ మరిది ఉన్నాడు, ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆటో నడుపుతాడు. చేతిలో కొత్త ఫోను. అది ఎంత కొత్తదంటే అద్దం మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు, తీస్తే ఫోను ఏడుస్తుందేమోనని.

"అన్నా, మా ఆయన్ని బండి గుద్దింది" అంది ఆవిడ.

మిగతాది మరిది చెప్పాడు. ఆవిడ భర్త పళ్ళ మార్కెట్లో హమాలీ. మార్కెట్టు కొత్తపేట నుంచి ఊరి బయటికి పోయాక, ఆయన రోజూ ఎల్బీనగర్ మీదుగా మోపెడ్ మీద పోయి వస్తున్నాడు. మొన్న సాయంత్రం ఇద్దరు అన్నదమ్ములూ వెనకా ముందూ వస్తున్నారు. సన్నని వాన. ఫ్లైఓవర్ కింద లైట్లు పోయి ఉన్నాయి. తెల్ల సామాన్ల వ్యాను ఒకటి పక్కనుంచి కొట్టింది. మోపెడ్ ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. వ్యాను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"అన్న కింద పడి అరిసిండు. నంబర్ గొట్టురా, నంబర్ గొట్టు అని" అన్నాడు మరిది. "నేను ఫోన్ దీసిన. చీకటి గదా, నైట్ మోడ్ పెట్టిన. గా ఫోన్ కదలకు అన్నది. నేను కదల్లే."

మళ్ళీ అన్నాడు. "అస్సలు కదల్లే అన్నా. ఊపిరి గుడ బిగబట్టిన."

అతని బాధ ఏమిటో అప్పుడే నాకు సగం అర్థమైంది. నైట్ మోడ్ పెడితే ఫోను తెర మీద 'కదలకుండా పట్టుకోండి' అని రాసి, చిన్న గుండ్రం తిప్పుతుంది. అతను దాన్ని అక్షరాలా పాటించాడు. ఎల్బీనగర్ చరిత్రలో ఆ వాన సాయంత్రం కదలకుండా నిలబడ్డ మనిషి అతనొక్కడే అయి ఉంటాడు. కదలకూడదని ఆ వ్యానుకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

స్టేషన్లో ఏమన్నారని అడిగాను.

"నంబర్ ఉంటే తెమ్మన్నరు. లేకుంటే గుర్తు తెలియని వాహనం అని రాస్తరంట" అంది ఆవిడ. "గుర్తు తెల్వకపోవుడేంది? నా మర్ది కండ్లార చూసిండు. మా ఆయన తొడ బొక్క రెండు తునకలైంది, ఆయనకి గుర్తులేదా? రోజు అడుగుతుండు అన్నా, నంబర్ దొరికిందా అని. మూటలు మోసేటోడు. ఇంక మూట మొయ్యడు అంటున్నరు డాక్టర్లు. ఎవడు గుద్దిండో అన్న తెల్వాలె గద."

మరిది నాకు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. తెల్ల వ్యాను వెనకభాగం. బొమ్మ ఎంత వెలుతురుగా ఉందంటే, ఎవరో చీకట్లో సున్నం వేసినట్టుంది. తారు రోడ్డు తళతళా మెరుస్తోంది. వెనక లైట్లు రెండు ఎర్రటి రిబ్బన్లలా సాగాయి. నంబర్ ప్లేటు ఉండాల్సిన చోట, పసుపు రంగు దీర్ఘచతురస్రంలో నల్లని చీమలు కొన్ని తొక్కుకుని చచ్చిపడి ఉన్నాయి.

"ఇదీ సంగతి, పోండి" అనాలి నేను. ఆవిడ మొహం చూసి అనలేకపోయాను. నేను అనలేకపోయిన ఆ చోటులోకి మా బామ్మర్ది దూరాడు.

"ఏమండీ, రెండు నిమిషాలు కూర్చోండి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎక్కడికో వెళ్ళిపోయింది. ఎన్‌హాన్సర్‌లో వేస్తే ప్లేటు అద్దంలా వస్తుంది" అన్నాడు.

"ఒరే, లేని అక్షరం ఎక్కడ్నించి వస్తుందిరా?"

"బావా, మీరు రీలు కాలంలో ఉన్నారు. హార్డ్‌వేర్ కాలం అయిపోయింది. అంతా సాఫ్ట్‌వేరే."

వాడి కంప్యూటర్ ఫ్యాను మొదలైతే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో బస్సులన్నీ ఒకేసారి స్టార్ట్ చేసినట్టుంటుంది. అది కాసేపు మూలిగింది. తెర మీద ప్లేటు తెరుచుకుంది. నిజంగానే అద్దంలా వచ్చింది. అక్షరాలు చాకుతో చెక్కినట్టు, అంకెలు గవర్నమెంటు పెయింటరు స్వయంగా వచ్చి రాసినట్టు. ఆవిడ చేతులెత్తి మా బామ్మర్దికి దండం పెట్టింది. వాడు ఒంగోలు గిత్తలా ఛాతీ విరుచుకున్నాడు.

నేనన్నాను, "ఇంకోసారి వెయ్యి."

వేశాడు. మళ్ళీ అద్దమే. కాకపోతే చివరి అంకె మూడు కాస్తా ఎనిమిది అయింది. ఇంకోసారి వేయించాను. ఈసారి మధ్యలో సున్నా ఆరయింది, మూడు మూడుగానే ఉంది.

"చూశావా? ఇది చదవడం లేదు, పుట్టిస్తోంది" అన్నాను. "లక్షల ప్లేట్లు చూసి నేర్చుకున్న యంత్రం. మరక చూపిస్తే, ఈ మరకకి ఏ అంకె అందంగా ఉంటుందో అది వేస్తుంది. అసలు అంకె దానికి తెలియదు."

మరిది వినలేదు. అప్పటికే మొదటి నంబరును బండ్ల వివరాలు చెప్పే యాప్‌లో కొట్టాడు. అది ఎవరిదో స్కూటరని వచ్చింది. ఎనిమిది ఉన్న రెండోది కొట్టాడు. సామాన్ల వ్యాను అని వచ్చింది. రంగు తెలుపు.

"ఇదే! వదినె, ఇదే!" అని లేచి నిలబడ్డాడు. స్టూడియోలో నిలబడితే ఫ్యాను తగులుతుంది. తగిలింది కూడా. అతనికి తెలియలేదు.

"తమ్ముడూ, తెల్ల వ్యాన్లు ఈ ఊళ్ళో దోమలన్ని ఉంటాయి. అంకె తప్పయినా ఏదో ఒక తెల్ల వ్యానుకి తగులుతుంది" అన్నాను. ఆవిడ నావైపు చూసింది. దాహంతో ఉన్నవాడి చేతిలోంచి గ్లాసు లాక్కున్నవాణ్ణి అలా చూస్తారు.

మరిది ఆ నంబరును ఆటోవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. మర్నాటికే జవాబొచ్చింది. ఆ బండి బడంగ్‌పేట్‌లో ఒక ఇంటి ముందు చూశామని. నన్నూ రమ్మన్నాడు. "మీరు పెద్దమనుషులన్నా, మీరుంటే వాడు మాట మార్చడు" అన్నాడు. నన్ను పెద్దమనిషనడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ ఒక్క మాటకి ఆటో ఎక్కాను. ఆవిడ కూడా ఎక్కింది.

బడంగ్‌పేట్‌లో సగం కట్టిన ఇళ్ళ మధ్య, ఒక రేకుల ఇంటి ముందు వ్యాను ఉంది. దూరం నుంచి తెల్లగా, చూడగానే దోషిలా ఉంది. మరిది ఆటో పూర్తిగా ఆపనైనా లేదు. దూకి, గుమ్మంలో కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన కాలర్ పట్టుకున్నాడు.

"మా అన్నని గుద్ది ఉరుకుతవారా?"

పెద్దాయన భయపడలేదు. శెనక్కాయలు కింద పోతాయేమోనని చేట గట్టిగా పట్టుకున్నాడు. "ఎవర్ని గుద్దిన బిడ్డా?"

"గీ బండితోని!"

"గీ బండితోనా?" పెద్దాయన నెమ్మదిగా కాలర్ విడిపించుకుని, వ్యాను దగ్గరికి నడిచాడు. మేమూ నడిచాం. ముందు చక్రాలు లేవు. వెనక చక్రాలుండాల్సిన చోట ఇటుకలున్నాయి. ఇంజను ఉండాల్సిన చోట బోలెడంత ఆకాశం కనపడింది. తలుపు తీస్తే లోపల కోళ్ళు. డ్రైవర్ సీటులో ఒక పెట్ట పొదుగుతోంది. అది మమ్మల్ని చూసి, హారన్ కొట్టినట్టు ఒకసారి అరిచింది.

"బిడ్డా, నా కొడుకు పోయినంక ఇది కదల్లే. మీరు దీన్ని ఎట్ల నడిపిచ్చిన్రో జర చెప్పున్రి. నాగ్గుడ పనికొస్తది" అన్నాడు పెద్దాయన. ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అడిగినట్టున్నాడు.

మరిది ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ పట్టుకోలేదు. వ్యాను తలుపు మీద చెయ్యి వేసి, లోపలి కోళ్ళను చాలాసేపు చూసింది. నాకు ఏదో జోకు నోటిదాకా వచ్చింది. ఇంత పెద్ద నోట్లో ఆ జోకు దారి తప్పి ఎక్కడో పడిపోయింది.

తిరిగొచ్చాక స్టూడియోలో నేనూ బామ్మర్దీ పోట్లాడుకున్నాం. వాడికి కూడా సిగ్గేసింది. సిగ్గు పడ్డప్పుడు వాడు గొంతు పెంచుతాడు.

"అయితే నైట్ మోడ్ అంతా బోగసంటారా బావా? మొన్న మీ అమ్మాయి పుట్టినరోజుకి కొవ్వొత్తి వెలుగులో తీశాను కదా, అదెలా వచ్చింది?"

"అది వచ్చింది. ఎందుకంటే పిల్ల కేకు వైపు చూస్తూ రాయిలా నిలబడింది."

ఆవిడ ఇంకా వెళ్ళలేదు. మరిది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ అడిగింది. "అన్నా, నాకు సమజయ్యేటట్టు చెప్పు. ఏది మిషన్ పని, ఏది గా లోపటి దాని పని?"

నేను నల్లా కథ చెప్పాను. మా వీధిలో రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, ఆవిడ వీధిలోనూ అంతే. వెలుతురంటే నీళ్ళు. లెన్సు నల్లా మూతి. అది ఎంత వెడల్పుంటే అంత ధార. సెన్సరంటే కింద పెట్టిన తొట్టి. నా పెద్ద కెమెరాలో తొట్టి నిజంగా తొట్టే. ఫోన్లో ఉన్నది పిల్లల మందు తాగించే చెంచా. ఈ రెండూ కొనుక్కున్న రోజే ఖాయమైపోతాయి, తర్వాత ఏ యాప్ వచ్చినా పెరగవు. ఇక నల్లా ఎంతసేపు తెరిచి ఉంచామనేది షట్టర్. చీకట్లో నీళ్ళు తక్కువ కాబట్టి ఎక్కువసేపు తెరవాలి. తెరిచినంతసేపూ ఎదుటిది కదిలితే మరకే.

"యాభై మెగాపిక్సెల్ అన్నడు గద షాపోడు" అన్నాడు మరిది గుమ్మంలోంచి.

"పగలు యాభై. చీకట్లో నాలుగేసి చుక్కలు చేతులు కలిపి ఒక చుక్కయిపోతాయి, కాసిని ఎక్కువ నీళ్ళు పట్టడానికి. అప్పుడు పన్నెండు చిల్లర. మంచిదే, నేను తప్పు పట్టను. షాపువాడు ఆ సంగతి చెప్పడు, అంతే."

"చెయ్యి వణకకుంట లోపట ఏదో ఊగుతదంట?"

"ఊగుతుంది. లెన్సు సన్నగా ఊగి, నీ చేతి వణుకు సర్దుతుంది. అది కూడా వస్తువే, సాఫ్ట్‌వేర్ కాదు. కానీ సర్దేది నీ చేతిని. పారిపోయేవాడి బండిని కాదు."

ఇక లోపలి దాని పని. ఫోను ఆ రెండు మూడు సెకన్లలో ఒక్క ఫోటో తియ్యదు. వరసగా చాలా తీసి, ఒకదాని మీద ఒకటి అతికించి, ఒకటిగా చేస్తుంది. ఒక్కోదాంట్లో ఇసకలా రాలే మచ్చలు ఒక్కో చోట ఉంటాయి గనక, కలిపితే మచ్చలు పోయి నిజం నిలుస్తుంది. అది నిజంగా గొప్ప పనే, ఒప్పుకోక తప్పదు. నా కడుపు మంట కొద్దీ ఆ రాత్రి ఇంటికెళ్ళాక మా అపార్టుమెంటు సెల్లార్లో నా స్కూటరుని నా కెమెరాతోనూ, మా ఆవిడ ఫోనుతోనూ చేతపట్టి తీసి చూశాను. నిలబడి ఉన్న స్కూటరు విషయంలో ఆ చెంచా నా తొట్టితో సమానంగా వచ్చింది. ఒక్కచోట మించింది కూడా. నా పాతికేళ్ళ అహంకారం సెల్లార్లోనే పార్క్ చేసి పైకొచ్చాను.

"కదిలేవాటిని కలపలేదు కదా" అన్నాను ఆవిడతో. "బండి మొదటి ఫోటోలో ఒక చోట, రెండోదాంట్లో ఇంకో చోట. అన్నీ కలిపితే దెయ్యంలా వస్తుంది. అందుకని ఫోను ఆ ముక్కవరకూ ఒక్క ఫోటోలోంచే తీసుకుంటుంది. ఆ ఒక్కదాంట్లో చాలినంత వెలుతురు లేదు. అది తియ్యడానికి పట్టిన కాస్త టైంలోనే బండి అడుగు దూరం జరిగిపోయింది. మచ్చలు నున్నగా రుద్దేసింది. వాటితోపాటు అంకెలూ పోయాయి. దాని మీద మా వాడు అంకెలు మొలిపించాడు."

బామ్మర్ది తలెత్తలేదు.

"ఒక్క ఆశ ఉంది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. "వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగి చిన్నదైపోతుంది. ఫోన్లో ఉన్న అసలుది ఇస్తే ఒక అంకైనా, సగం అంకైనా తేలుతుందేమో."

"గదే అసల్ది అన్నా" అన్నాడు మరిది, చప్పున.

"కాదు తమ్ముడూ, అంచు చూడు. ఎడమ పక్క ఎవరో కత్తిరించినట్టుంది. కత్తిరించనిది ఇవ్వు."

"లేదన్నా. డిలీట్ అయింది."

"డిలీట్ చేసినవి ఫోన్లో కొన్నాళ్ళు ఉంటాయి, తీసిద్దాం, ఇటివ్వు" అని మా బామ్మర్ది చెయ్యి చాపాడు. వాడికి ఎవరికన్నా ఉపకారం చెయ్యాలని ఉంది. పాపం, ఆ సమయంలో వాడు చెయ్యగలిగిన అతి పెద్ద అపకారం అదే.

మరిది ఫోను వెనక్కి దాచుకున్నాడు. "వద్దన్నా" అన్నాడు. "వదినె ముంగట వద్దు."

"ఎందుకురా?" అంది ఆవిడ. "ఏమున్నది దాంట్ల?"

ఆవిడ చెయ్యి చాపింది. మేమడిగితే ఇవ్వని ఫోను, ఆవిడ అడక్కుండా చెయ్యి చాపితే ఇచ్చేశాడు.

డిలీట్ చేసినవాటిలో ఉంది. బామ్మర్ది దాన్ని పెద్ద తెర మీద పెట్టాడు. కుడివైపు తెల్ల వ్యాను, అదే మరక. ఎడమవైపు, మరిది కత్తిరించేసిన చోట, డివైడర్ పక్కన ఆవిడ భర్త పడి ఉన్నాడు.

నేను పెళ్ళిళ్ళు తీశాను, పీటల మీద మొహాలు తీశాను. అంత స్పష్టంగా పడిన మనిషిని నేను చూడలేదు. లుంగీ గళ్ళు లెక్క పెట్టవచ్చు. చెప్పు తెగిన దారం ఉంది. గడ్డం మీద వాన చుక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. కాలు ఏ వైపుకి తిరగకూడదో ఆ వైపుకి తిరిగి ఉంది, అదీ స్పష్టంగా ఉంది. అరిచి, అరిచి, అప్పటికి తెలివి తప్పినట్టున్నాడు. ఒక్క వేలు కూడా కదలలేదు. ఫోను తీసిన ఫోటోలన్నీ ఆయన దగ్గర ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఆ చీకట్లో ఉన్న కొంచెం వెలుతురూ అది ఆయన మీదే కూడబెట్టింది.

ఆ ఇరుకు స్టూడియోలో నలుగురం. ఆవిడ తెరకి దగ్గరగా వంగింది.

"ఇంత మంచిగ వడ్డడా" అంది.

మరిది గోడకి ఒరిగి ఏడుస్తున్నాడు. "మూడు సెకన్లు వదినె. మూడు సెకన్లు నేను అన్న దగ్గరికి ఉరికిపోలే. కదలకు అన్నది. నంబరన్నడు అన్న. నేను..."

"ఊకో" అందావిడ. కోపంగా కాదు, ఓదార్పుగానూ కాదు. పూలు కట్టేటప్పుడు దారం చిక్కుపడితే అనే ఊకో. తర్వాత నాతో అంది. "ఇగ దీంట్ల నంబర్ జూడు."

చూశాను. అసలు ఫోటోలో మరక ఇంకా పెద్దదైంది, అంతే. పెద్ద మరకంటే మరకే. గీతలు కనపడితే చాలని, ఉన్న విద్యలన్నీ చేశాను. వెలుతురు తగ్గించాను, రంగు తీశాను, మాగ్నిఫై చేసి కళ్ళు తెరకి అతికించాను. ఒక చోట నిలువు గీత లాంటిది ఉంది. అది ఒకటీ కావచ్చు, ఏడూ కావచ్చు, వాన చుక్కా కావచ్చు.

"ఎట్ల తీస్తే వస్తుండె?" అనడిగింది.

"చెల్లెమ్మా, ఇప్పుడది తెలుసుకుని..."

"తెల్వాలె."

మర్నాటి సాయంత్రం మళ్ళీ సన్నని వాన. నలుగురం ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద నిలబడ్డాం. ట్రాఫిక్ గురించి చెప్పను. నేను చెప్తే పెంచి చెప్పానంటారు, అక్కడ పెంచడానికి చోటు లేదు. లైట్లు ఇంకా రాలేదు. మరిది ఫోనుతో నైట్ మోడ్‌లో పోయే బండ్లను తీశాం. అన్నిటికీ చీమలే. నైట్ మోడ్ బంద్ చేసి తీశాం. బొమ్మ నల్లగా, ఇసకలా వచ్చింది. అయినా నెమ్మదిగా పోయిన ఒక ఆటో మీద చివరి రెండంకెలు తెలిశాయి. వీడియో తీసి ఒక్కో బొమ్మా ఆపి చూశాం. ఒకదాంట్లో ఒక అక్షరం తెలిసింది. నా పాత కెమెరాకి వెడల్పు మూతి లెన్సు పెట్టి, షట్టరు వేగం పెంచి, కెమెరాకి వెలుతురు మీదుండే తిండిపోతుతనం, అంటే ఐఎస్ఓ, చివరిదాకా పెంచి కొట్టాను. గరగరలాడే బొమ్మ, చూడ్డానికి అసహ్యం. ప్లేటు మాత్రం మొత్తం చదవొచ్చు.

మరిది దాన్ని చదివాడు. అంకె అంకె పైకి చదివాడు. ఎవరిదో దారిన పోయే డీసీఎం లారీ.

"అయితే నైట్ మోడ్ బంజేసి తీస్తే, వస్తుండెనా అన్నా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నాకు అబద్ధం కొత్త కాదు, దాన్ని నా డిపార్ట్‌మెంటు కాదని చెప్పుకుంటాను గానీ. కానీ ఏ అబద్ధం చెప్పాలో తెలియలేదు. వచ్చేదంటే, అతని చేతులే పోగొట్టాయి. వచ్చేది కాదంటే, అతను ఆ మూడు సెకన్లూ అన్న దగ్గరికి ఉరకకుండా ఉన్నది దేనికీ కాదు.

"తెలియదు తమ్ముడూ. రెండంకెలు వచ్చేవేమో."

అతను డివైడర్ మీద కూర్చుండిపోయాడు. హారన్లన్నీ అతని మీదుగా పోతున్నాయి. మా బామ్మర్ది వెళ్ళి పక్కన కూర్చుని, గొడుగు అతని మీద పట్టాడు. ఒంగోలు నుంచి వచ్చాక వాడు చేసిన మొట్టమొదటి పనికొచ్చే పని అదని నేను తర్వాత మా ఆవిడకి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఇగ రాదా?" అని అక్కడే నిలబడి పూలావిడ నన్నడిగింది.

"రాదు."

నేను ఏ మాటనైనా సాగదీసి, మూడింతలు చేసి, జరీ అంచు వేసి చెప్పేవాణ్ణి. ఆ మాటకి ఏం చెయ్యాలో తెలియలేదు. రెండక్షరాల మాట. అట్లాగే ఇచ్చేశాను.

అక్కణ్ణించి ఆవిడ దవాఖానకి పోతానంది. "ఆయనకి రేపు చెప్తా, రేపు చెప్తా అని ఎల్లదీస్తున్న. ఇయ్యాల చెప్తా. నువ్వు గుడ రా అన్నా, నేను చెప్తే ఆయన నమ్మడు. ఎట్ల రాలేదో నువ్వు చెప్పు."

వెళ్ళాను. వార్డులో ఆయన కాలు తాడుకు కట్టి పైకి వేలాడుతోంది, కింద ఇసక సంచీ. జీవితమంతా బరువులు మోసిన మనిషికి ఇప్పుడు ఒక సంచీ ఎదురు తూగుతోంది. నేను స్టూలు మీద కూర్చోకముందే అడిగాడు.

"దొరికిందా అన్నా?"

చెప్పాను. లెన్సు చెప్పాను, తొట్టి చెప్పాను, నల్లా చెప్పాను. కలిపి అతికించడం చెప్పాను. కోళ్ళ వ్యాను సంగతి చెప్తే పక్క మంచం వాళ్ళు నవ్వారు, ఆయన నవ్వలేదు. చివరిదాకా విని, అర్థమైందన్నట్టు తలాడించాడు.

"ఫోన్ మంచిదే అంటవ్. మావోడు గుడ మంచిగనే తీసిండు అంటవ్."

"అవునన్నా."

"వాణ్ణేమనకున్రి" అన్నాడు భార్యతో. తర్వాత పైకప్పు వైపు చూస్తూ అడిగాడు. "ఫోటోల నేను గుడ వడ్డనా?"

ఆవిడ ఆయన దుప్పటి సర్దుతోంది. చెయ్యి ఆగలేదు.

"లెవ్వు" అంది. "నువ్వు చీకట్ల ఉన్నవ్. ఏం వడలే."

"గదైతే మంచిగైంది" అన్నాడాయన. "గట్ల పడి ఉన్నప్పటి ఫోటో ఎవరన్న జూస్తే పానం పోతది."

ఆవిడ దుప్పటి అంచు మంచం కిందికి మడిచి, మళ్ళీ తీసి, మళ్ళీ మడిచింది. నర్సు వచ్చి టైం అయిపోయింది, బయటికి నడవండంది. నడిచాం. మెట్ల దగ్గర ఆవిడ గోడ పట్టుకుని ఆగింది. నేనూ ఆగాను. కింద, గేటు దగ్గర, మా కోసం ఎదురుచూస్తున్న మరిది ఆటో లోపలి లైటు వేసి కూర్చున్నాడు.